పేరు తెలియదు, ఆడో మగో తెలియదు: ఉత్తరం ఎలా మొదలుపెట్టాలి?

బడికో, పంచాయతీ ఆఫీసుకో, ఎప్పుడూ చూడని కంపెనీకో ఉత్తరం రాయాల్సి వచ్చినప్పుడు అందరూ ఒకటే అడుగుతున్నారు. "అవతల ఉన్నది ఎవరో తెలియదు. సార్ అనాలా, మేడమ్ అనాలా? ఏదీ లేకుండా మొదలుపెడితే పొగరనుకుంటారేమో? అర్జీ భాషలో రాస్తే నవ్వుతారేమో?" ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అందరికీ పనికొచ్చేలా ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా ఒక మంచి మాట. తెలుగులో ఈ పని సగం ముందే అయిపోయి ఉంది. "నేను వచ్చాను", "మీరు చెప్పారు" అన్నప్పుడు మాట్లాడింది ఆడా మగా అన్నది క్రియలో తెలియదు. "గారు" ఎవరికైనా సరిపోతుంది. చిక్కల్లా మనంతట మనం తెచ్చిపెట్టుకునే కొన్ని మాటలతోనే: శ్రీ, అయ్యా, ఆర్యా, సార్, ఆయన, ఆవిడ, -డు, -రాలు. వీటిని తప్పించడం కష్టమేమీ కాదు. అవి తీసేశాక ఉత్తరం చప్పబడకుండా చూసుకోవడమే అసలు పని. అందుకే ఒకే ఒక్క ఉత్తరం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా రాసి చూపిస్తాను. ఊరి హైస్కూల్లో చదివి ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంటున్న మనిషికి స్టడీ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. బడిలో ఇప్పుడు హెచ్‌ఎం ఎవరో తెలియదు.

ఏమేం దగ్గర పెట్టుకోవాలి

- అవతలి మనిషి పదవి పేరు. అది కచ్చితంగా తెలియాలి.
- ఆఫీసు లేదా బడి పూర్తి చిరునామా, ఇప్పటి జిల్లా పేరుతో. తెలంగాణలో 2016లోనూ ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలు మారాయి. మీరు చదువుకున్న రోజుల్లో గుంటూరు జిల్లాలో ఉన్న సత్తెనపల్లి ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. పాత జిల్లా పేరు రాస్తే ఉత్తరం చేరదని కాదు గానీ, పదిహేనేళ్లుగా ఊరి ముఖం చూడలేదన్న సంగతి కవరు మీదే తెలిసిపోతుంది.
- మీరెవరో చెప్పే ఒక వాక్యం, దానికి ఆధారాలు. మన ఉదాహరణలో అడ్మిషన్ నంబరు, చదివిన సంవత్సరాలు, టీసీ లేదా టెన్త్ మెమో కాపీ.
- వీలైతే ఆ ఊళ్లో తెలిసినవాళ్లు ఒకరి ఫోన్ నంబరు.

1. పేరు కోసం ఒక్కసారి వెతకండి, దొరకకపోతే వదిలేయండి

ఊళ్లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి "ఇప్పుడు హెచ్‌ఎం ఎవరు?" అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోవచ్చు. పేరు చెబితే ఎలా రాస్తారో కూడా అడగండి. చైతన్య, తేజ, సాయి, శశి లాంటి పేర్లు ఆడవాళ్లకూ ఉంటాయి, మగవాళ్లకూ ఉంటాయి. అయినా భయం లేదు. "చైతన్య గారికి" అంటే చాలు, ఎవరైనా ఒకటే. పేరు విని ఆడో మగో ఊహించి ముందు శ్రీ గానీ శ్రీమతి గానీ తగిలిస్తేనే ఇబ్బంది.

జాగ్రత్త: ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన పేరును నమ్మి రాయొద్దు. ప్రభుత్వ బడుల్లో, ఆఫీసుల్లో బదిలీలు జరుగుతూనే ఉంటాయి. వెబ్‌సైట్‌లో ఉన్నది ముందున్నవారి పేరు కావచ్చు. ఒక్కోచోట రెగ్యులర్ హెచ్‌ఎం ఉండరు, సీనియర్ టీచర్ ఇన్‌చార్జిగా చూస్తుంటారు. పేరు లేని ఉత్తరాన్ని ఎవరూ తప్పుపట్టరు. పోయిన వేసవిలో బదిలీ అయినవారి పేరుతో వచ్చిన ఉత్తరం మాత్రం, కొత్తగా వచ్చినవారికి చివుక్కుమనిపిస్తుంది. పైగా "ఇది నాకు రాసింది కాదు" అని ఫైల్లో పడేయడానికి సాకు దొరుకుతుంది.

పేరు దొరికితే పొడి అక్షరాలతో జాగ్రత్త. మన పేర్లలో ముందుండేది ఇంటిపేరు. "కె. చైతన్య" అని ఉంటే "చైతన్య గారికి" అనాలి. ఇంగ్లిష్ మెయిల్లో కొందరు చివరి మాట పట్టుకుని "డియర్ రెడ్డి", "డియర్ రావ్" అంటారు. చదివేవాళ్లకు అది పేరు పెట్టి పిలిచినట్టు ఉండదు, కులం పెట్టి పిలిచినట్టు ఉంటుంది.

2. పదవిని బహువచనంలో పెట్టి "గారికి" చేర్చండి

ఇది ముఖ్యమైన అడుగు. "ప్రధానోపాధ్యాయుడు" అంటే మగవారు, "ప్రధానోపాధ్యాయురాలు" అంటే ఆడవారు. "ప్రధానోపాధ్యాయులు" అంటే గౌరవ బహువచనం, ఎవరికైనా చెల్లుతుంది. అధ్యక్షులు, సంపాదకులు, సంచాలకులు, నిర్వాహకులు, అన్నీ ఇదే దారి. అధికారి, కార్యదర్శి, మంత్రి, సర్పంచ్, కలెక్టర్, తహసీల్దార్ వంటి మాటలకు ఆ బాధ కూడా లేదు, ఉన్నవి ఉన్నట్టే "గారికి" చేర్చుకోవచ్చు.

"హెడ్మాస్టర్ గారికి" అని రాయవచ్చా అని చాలామంది అడుగుతారు. మాటలో మాస్టర్ ఉంది కదా అని అనుమానం. వాడుకలో ఆడవారినీ ఆ మాటతోనే అంటున్నారు, తప్పు పట్టేవాళ్లు తక్కువ. కానీ టీచర్లు తమలో తాము అనుకునే మాట "హెచ్‌ఎం గారు". అది ఎవరికీ గుచ్చుకోదు. కాగితం మీద ప్రధానోపాధ్యాయులు, వాట్సాప్‌లో హెచ్‌ఎం గారు, ఇలా పెట్టుకుంటే సరిపోతుంది. ఎమ్మార్వో గారు, ఎంపీడీవో గారు, ఎస్సై గారు అన్నవీ ఇలాగే పనికొస్తాయి.

"మన్"తో ముగిసే పదవుల దగ్గర కాస్త ఆగండి. లైన్‌మన్, పోస్ట్‌మన్ ఉద్యోగాల్లో ఆడవాళ్లూ ఉన్నారు. అక్కడ మనిషిని వదిలి చోటును పట్టుకోవడం మేలు: "కరెంటాఫీసు వారికి", "పోస్టాఫీసు వారికి". ఆస్పత్రిలో నర్సులందరినీ "సిస్టర్" అనేయడం కూడా ఇలాంటిదే. మగ నర్సు ఆ పిలుపుకు అలవాటుపడి ఉండొచ్చు, కానీ రాతలో "నర్సింగ్ సిబ్బందికి" అంటే పోయేదేమీ లేదు.

వ్యాకరణం తప్పులు: "గారుకి", "గారులకు" అని రాయకండి. గారు, గారి, గారికి, గారితో, ఇంతే.

3. శ్రీ, అయ్యా, ఆర్యా తీసేసి "నమస్కారం" పెట్టండి

మనలో చాలామంది ఉత్తరం రాయడం నేర్చుకున్నది బడిలో సెలవు చీటీతో. పైన "గౌరవనీయులైన" అని మొదలై, మధ్యలో "ఆర్యా" వచ్చి, కింద "ఇట్లు తమ విధేయుడు" దగ్గర ఆగేది. ముప్పై ఏళ్లు వచ్చినా చేయి అటే పోతుంది. ఇందులో "గౌరవనీయులైన" ఒక్కటే ఆడామగా ఎవరికైనా సరిపోయేది. "ఆర్యా", "అయ్యా" రెండూ మగవారిని పిలిచే పిలుపులు.

"అయ్యా/అమ్మా" అని రెండూ రాసి మధ్యలో గీత పెట్టడం ఇంకో అలవాటు. "సార్/మేడమ్" కూడా అంతే. తప్పు కాదు, ఆఫీసుల్లో నడుస్తోంది. నాకు మాత్రం అది చూస్తే "అనవసరమైనది కొట్టివేయండి" అని కింద రాసి ఉన్న దరఖాస్తు ఫారం గుర్తొస్తుంది. "ప్రధానోపాధ్యాయులు గారికి, నమస్కారం" అంటే అదే పని ఒక గీత కూడా లేకుండా అయిపోతుంది.

"నమస్కారం" చాలా పొడిగా ఉందనిపిస్తే "నమస్కారం అండి" అనండి. ఈ "అండి" చిన్నదే గానీ చాలా మోస్తుంది. ఎదుటివారి వయసు, ఆడామగా, హోదా ఏదీ అడగకుండానే మర్యాద ఇస్తుంది. కోస్తావాళ్లకు ఇది నోట్లోనే ఉంటుంది. తెలంగాణలో ఇంత ఎక్కువగా వాడరు, అక్కడ ఉత్తి "నమస్తే" గానీ "నమస్కారం" గానీ నిండుగానే వినిపిస్తుంది. మీ నోటికి రానిదాన్ని ఉత్తరం కోసం తెచ్చుకోకండి. "ఏమండీ" అని మాత్రం మొదలుపెట్టకండి. బజార్లో కొత్తవాళ్లను పిలవడానికి బాగుంటుంది, రాతలో మొగుడికి రాసిన చీటీలా ఉంటుంది.

శుభోదయం, గుడ్ మార్నింగ్ కూడా వద్దు. మీరు పొద్దున పంపింది వాళ్లు సాయంత్రం చదవొచ్చు.

అన్నా, అక్కా, ఆంటీ, అంకుల్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. ఎదురుగా ఉన్న మనిషితో ఇవి ఎంత బాగుంటాయో, చూడని మనిషితో అంత ప్రమాదం. ఆడో మగో తెలియడమే కాదు, మీకంటే పెద్దవారో చిన్నవారో కూడా తెలియాలి. ముప్పై రెండేళ్ల ఆఫీసర్‌కు "ఆంటీ" అని మెసేజ్ వెళ్లాక ఆ పని ఎంత త్వరగా అవుతుందో మీరే ఊహించుకోండి.

4. ఆప్యాయతను పిలుపులో కాదు, మొదటి వాక్యంలో పెట్టండి

ఉత్తరం చల్లగా ఉందని ఎప్పుడు అనిపిస్తుంది? పిలుపులో "గౌరవనీయులైన" లేనప్పుడు కాదు. రాసింది ఎవరో, తనకే ఎందుకు రాశారో చదివేవారికి అర్థం కానప్పుడు. కాబట్టి నమస్కారం అవగానే వచ్చే వాక్యంలో మీరెవరో, వారికీ మీకూ ఉన్న సంబంధం ఏమిటో చెప్పేయండి.

ఇక్కడ తెలుగు ఇంకో సాయం చేస్తుంది. "మన". ఆ బడిలో చదివినవాళ్లు "మీ పాఠశాలలో చదివాను" అనడానికి, "మన బడిలో చదివాను" అనడానికి ఎంత తేడానో చూడండి. రెండో దాంట్లో హెచ్‌ఎం గారినీ కలుపుకున్నారు, పేరు తెలియకపోయినా. కానీ ఇది హక్కు ఉన్నవాళ్లే వాడాలి. పాత విద్యార్థి, ఊరి మనిషి, ఆ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు "మన" అనొచ్చు. పిల్లల అడ్మిషన్ కోసం మొదటిసారి రాస్తున్నవాళ్లు "మన స్కూలు" అంటే చొరవ తీసుకున్నట్టుంటుంది. వాళ్లకు "మీ స్కూలు" సరైనది.

5. లోపల "మీరు" ఒక్కటే వాడండి, మూడో మనిషిని "వారు" అనండి

"తమరు" ఒక వాక్యంలో, "మీరు" ఇంకో వాక్యంలో వచ్చిందంటే ఎక్కడో చూసి రాశారని తెలిసిపోతుంది. మీరు అన్నదే మొదటి నుంచి చివరిదాకా సరిపోతుంది. తమరు అనకపోతే గౌరవం తగ్గదు.

అసలు జారేది ఇంకోచోట. రాస్తున్నది హెచ్‌ఎం గారికి కాబట్టి అక్కడ జాగ్రత్తగా ఉంటాం. మధ్యలో "మీ ఆఫీసులో ఫోన్ ఎత్తిన అతను చెప్పాడు", "క్లర్క్ సెలవులో ఉన్నాడట" అని చేయి జారుతుంది. గొంతు విని మగవారనుకున్నది ఆడవారు కావచ్చు, అసలు మీరు వినను కూడా వినకపోవచ్చు. "ఫోన్ ఎత్తినవారు చెప్పారు", "రికార్డులు చూసేవారు సెలవులో ఉన్నారట" అంటే గొడవే లేదు. క్రియకు "వారు" తగిలిస్తే ఆడామగా రెండూ అందులోనే ఇమిడిపోతాయి, మర్యాద కూడా వస్తుంది. హెచ్‌ఎం గారికి "గారు", క్లర్కుకు "అతను" అని రాస్తే చదివేవారు ఆ తేడా గమనిస్తారు. పని చేసిపెట్టేది చాలాసార్లు ఆ క్లర్కే.

అడిగే తీరులో కూడా ఒక చిక్కుంది. "పంపగలరు", "గమనించగలరు" అన్నవి నోటీసు బోర్డు మాటలు. రాసేవాళ్లు మర్యాద అనుకుంటారు, చదివేవాళ్లకు ఆఫీసు ఆర్డరులా ఉంటుంది. "పంపగలరా?" అని ప్రశ్నగా మార్చండి, లేదా "పంపితే ఈ నెలలోనే దరఖాస్తు చేసుకోగలను" అని కారణంతో కలపండి. "దయచేసి" ఉత్తరం మొత్తానికి ఒక్కసారి చాలు.

6. కింద మీ పేరు స్పష్టంగా రాయండి

"తమ విధేయుడు", "తమ విధేయురాలు" అవసరం లేదు. "ధన్యవాదాలు" అని రాసి, కింద పూర్తి పేరు, ఫోన్ నంబరు ఇవ్వండి. మీరు పడిన ఇబ్బందే అవతలివారూ పడతారని మరవకండి. మీ పేరు చూసి ఆడో మగో తేలకపోతే, మిమ్మల్ని ఎలా పిలవాలో వాళ్లకూ తెలియదు. ఫలానావిధంగా పిలిస్తే బాగుంటుందనుకుంటే సంతకంలో పూర్తి పేరు పక్కన పిలుపు పేరు రాసేయండి, వాళ్లు దాన్నే పట్టుకుంటారు.

ఒకే ఉత్తరం, రెండు రకాలుగా

ముందు, చాలామంది రాసే పద్ధతి:

> శ్రీయుత ప్రధానోపాధ్యాయుడు గారి దివ్య సముఖమునకు,
>
> ఆర్యా,
>
> నమస్కరించి వ్రాయునది ఏమనగా, నాకు స్టడీ సర్టిఫికెట్ అత్యవసరముగా కావలెను. మీ క్లర్కుకు ఫోన్ చేయగా అతను సెలవులో ఉన్నాడని చెప్పినారు. కావున తమరు దయతలచి వెంటనే పంపగలరు.
>
> ఇట్లు తమ విధేయురాలు

ఇందులో బిగుసుకుపోవడం, చల్లదనం, నిర్లక్ష్యం మూడూ ఉన్నాయి. పైనేమో దివ్య సముఖం, కిందేమో వెంటనే పంపమన్న ఆజ్ఞ. శ్రీయుత, -డు, ఆర్యా, మూడుసార్లు హెచ్‌ఎం మగవారని తేల్చేశారు. క్లర్కునూ వదల్లేదు. ఒకచోట మీ, ఇంకోచోట తమరు. అన్నిటికంటే పెద్ద లోపం, రాసింది ఎవరో ఎక్కడా లేదు. ఏ సంవత్సరం చదివారో తెలియకుండా రికార్డు ఎలా వెతుకుతారు?

ఇప్పుడు మార్చి రాస్తే:

> ప్రధానోపాధ్యాయులు గారికి,
> జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, (ఊరి పేరు),
> సత్తెనపల్లి మండలం, పల్నాడు జిల్లా.
>
> విషయం: స్టడీ సర్టిఫికెట్ కోసం, 2009 టెన్త్ బ్యాచ్
>
> నమస్కారం అండి.
>
> నేను 2004 నుంచి 2009 వరకు మన బడిలో ఆరు నుంచి పదో తరగతి దాకా చదువుకున్నాను. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. ఒక ఉద్యోగానికి దరఖాస్తు చేయడానికి ఆ ఐదేళ్ల స్టడీ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది.
>
> రికార్డులో వెతకడానికి వీలుగా అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ, నాన్నగారి పేరు కింద ఇచ్చాను. టెన్త్ మెమో, టీసీ కాపీలు జతచేశాను.
>
> పోయిన సోమవారం ఫోన్ చేస్తే, రికార్డులు చూసేవారు సెలవులో ఉన్నారని చెప్పారు. వారు ఎప్పుడు వస్తారో తెలిపితే ఆ రోజుకు వస్తాను. నాకు వీలు కాకపోతే మా తమ్ముడు వచ్చి తీసుకోవచ్చా? అందుకు నా సంతకంతో ఉత్తరం కావాలంటే పంపిస్తాను.
>
> ధన్యవాదాలు.
>
> (పూర్తి పేరు, ఫోన్ నంబరు, అడ్మిషన్ నంబరు, పుట్టిన తేదీ, నాన్నగారి పేరు)

హెచ్‌ఎం గారి పేరు ఇందులో లేదు. ఆడో మగో చెప్పే మాట ఒక్కటీ లేదు. అయినా ఉత్తరం మనిషికి రాసినట్టే ఉంది, ఎందుకంటే చదివేవారు ఏం చేయాలో, వారి పని ఎలా తేలికవుతుందో అందులో ఉంది. "వెంటనే" అన్న మాట తీసేశాం, దాని బదులు రావడానికి సిద్ధమని చెప్పాం.

కాగితం మీద పోస్టులో పంపుతుంటే "నమస్కారం అండి" బదులు ఉత్తి "నమస్కారం" పెట్టుకోవచ్చు. రిటైర్మెంట్‌కు దగ్గరగా ఉన్న పాతకాలపు అధికారికి వెళ్తుందని తెలిస్తే పైన "గౌరవనీయులైన" చేర్చండి, నష్టం లేదు. అంతకు మించి మెట్లెక్కకండి.

వాట్సాప్ అయితే

ఇప్పుడు చాలా పనులు కాగితం దాకా పోవడం లేదు. "వివరాలకు ఈ నంబరుకు మెసేజ్ పెట్టండి" అని ఒక నంబరు ఇస్తారు, పేరుండదు. ప్రొఫైల్ ఫొటోలో వేంకటేశ్వరస్వామో, చంటిపిల్లో ఉంటుంది. దాన్ని బట్టి ఏదీ తేల్చుకోకండి. భర్త నంబరు భార్య, అమ్మ నంబరు కొడుకు వాడే ఇళ్లు మనకు తక్కువేం కాదు. ఫోన్‌లో ఎవరో సేవ్ చేసుకున్న పేరు చూపించే యాప్‌లనూ నమ్మకండి.

"హాయ్" అని ఒకటి, "సార్ ఉన్నారా" అని ఇంకొకటి పంపి జవాబు కోసం కూర్చోవడం నిర్లక్ష్యం కిందికే వస్తుంది. మొత్తం ఒకే మెసేజ్‌లో పెట్టండి: "నమస్కారం అండి. మీ నంబరు బడి గేటు దగ్గర బోర్డు మీద చూశాను. మా పాపకు ఆరో తరగతి అడ్మిషన్ గురించి అడగాలి. మాట్లాడటానికి ఎప్పుడు వీలవుతుందో చెప్తారా?" నంబరు ఎక్కడ దొరికిందో చెప్పడం ఇక్కడ పేరు పెట్టి పిలిచినంత పని చేస్తుంది. తెలియని నంబరు నుంచి మెసేజ్ రాగానే ఎవరికైనా మొదట కలిగే అనుమానం, వీళ్లకు నా నంబరు ఎలా దొరికింది అనే.

పంపే ముందు ఎలా చూసుకోవాలి

మొదటి పరీక్ష యంత్రంతో. ఫోన్లోనో కంప్యూటర్లోనో వెతికే పెట్టెలో ఈ మాటలు ఒక్కొక్కటి కొట్టి చూడండి: శ్రీ, అయ్యా, ఆర్యా, సార్, ఆయన, ఆవిడ, ఆమె, అతను, రాలు, డు. చివరిదానికి ఇప్పుడు, ఎప్పుడు, వాడుక అన్నీ దొరుకుతాయి, వాటిని వదిలేయండి. మనిషి గురించి వచ్చిన "డు" ఉంటేనే మార్చాలి. వచ్చాడు లాంటి క్రియలు "డు"తోనే దొరుకుతాయి, చెప్పింది లాంటి "-ింది"తో ముగిసేవి మాత్రం ఈ వెతుకులాటలో దొరకవు. వాటిని కంటితోనే పట్టుకోవాలి.

రెండో పరీక్ష నోటితో. ఉత్తరాన్ని పైకి రెండుసార్లు చదవండి. మొదటిసారి ఎదురుగా ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి హెచ్‌ఎం కుర్చీలో ఉన్నట్టు, రెండోసారి యాభై ఎనిమిదేళ్ల పెద్దాయన ఉన్నట్టు అనుకోండి. ఎక్కడైనా ఒకరి ముందు నాలుక తడబడితే ఆ మాట మార్చాలి. "దివ్య సముఖం" మొదటిసారే ఆగిపోతుంది. "హాయ్" రెండోసారి ఆగుతుంది.

మూడోది, మొదటి మూడు వాక్యాలు మాత్రం ఇంట్లో ఎవరికైనా చూపించి "రాసింది ఎవరు, ఏం కావాలంటున్నారు?" అని అడగండి. చెప్పలేకపోతే నాలుగో అడుగుకు వెనక్కి వెళ్లండి. ఎన్ని గార్లు చేర్చినా ఆ లోటు తీరదు.

మిగతా సందర్భాలు, క్లుప్తంగా

పదవి కూడా తెలియకపోతే చోటుకు రాయండి: కార్యాలయం వారికి, యాజమాన్యానికి, కమిటీ వారికి, సంపాదకవర్గానికి. "సంబంధిత వ్యక్తికి" అని మాత్రం వద్దు, అది ఎవరికీ చెందని మాట.

సమాచార హక్కు దరఖాస్తుకు పేరు వెతికే పనే లేదు. 2005 నాటి చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఆ పనికి ఒక అధికారి ఉండాలి. "పౌర సమాచార అధికారి గారికి" అని, కింద కార్యాలయం పేరు రాస్తే చాలు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలన్న గడువు, మీరు పేరు రాసినా రాయకపోయినా ఒకటే.

మీ గేటుకు అడ్డంగా ఎవరో బండి పెట్టి వెళ్తే అద్దానికి చీటీ: "ఈ కారు వారికి, నమస్కారం. మా గేటు తీయడానికి వీలు కావడం లేదు. కాస్త ముందుకు పెట్టుకుంటారా?" పక్క ఫ్లాట్‌లో కొత్తగా దిగినవాళ్లకైతే "302 వారికి". పెళ్లి శుభలేఖ మీద ఇంట్లో ఎవరెవరున్నారో తెలియకపోతే, తెలిసిన ఒక్క పేరు రాసి "గారి కుటుంబ సభ్యులకు" అనండి. భార్య పేరు తెలియక "శ్రీమతి అండ్ శ్రీ" అని భర్త పేరు ఒక్కటే రాయడం కంటే ఇది నయం.

ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే మన అలవాటు "రెస్పెక్టెడ్ సర్". ఉద్యోగానికి రాస్తుంటే దాని బదులు "డియర్ హైరింగ్ మేనేజర్" అని గానీ, ఆ విభాగం పేరు చెప్పి "టీమ్" అని గానీ మొదలుపెట్టండి. "టు హూమ్‌సోఎవర్ ఇట్ మే కన్సర్న్" సర్టిఫికెట్ల మీద రాసేది, దాన్ని ఉత్తరానికి ఎక్కించకండి.

జవాబు వచ్చాక

జవాబులో కింద ఎలా సంతకం చేశారో చూసి, రెండో ఉత్తరంలో అలాగే పిలవండి. "బి. సత్య, ప్రధానోపాధ్యాయులు" అని ఉంటే "సత్య గారికి". అప్పటికీ ఆడో మగో తెలియకపోవచ్చు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా లేదు, అడగొద్దు. సంతకంలో పేరు లేకుండా ఆఫీసు ముద్ర మాత్రమే ఉంటే, పాత పిలుపునే కొనసాగించి, జవాబిచ్చిన తేదీ పేర్కొంటూ "మీ ఉత్తరం అందింది, సంతోషం" అని మొదలుపెట్టండి. సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంకో రెండు వాక్యాలు పంపండి, అందులో రికార్డు వెతికి తీసినవారికి కూడా ధన్యవాదాలు చెప్పమనండి. వారి పేరూ తెలియదు కాబట్టి "రికార్డులు చూసేవారికి" అనే రాయండి.